తిరిగొచ్చే డబ్బు ఎవరిది?



పోయిన నెల ఖమ్మం జిల్లాలో మా మండలానికి చెందిన ఒక మిరప రైతు సంఘం ఆఫీసుకు రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. ఒకటి 2025లో గడువు తీరిన ఆయన జీవిత బీమా బాండు. రెండోది ఆయన కొడుకు పేరున కొత్త పాలసీకి ఏజెంటు నింపి ఇచ్చిన ఫారం, సంతకం ఒక్కటే తక్కువ. "అన్నా, నాకు పెట్టినదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. పిల్లాడికీ కట్టమంటున్నాడు, ఏడాదికి పాతిక వేలు. టర్మ్ పాలసీ అయితే నాలుగు వేలే గానీ, మనిషి బతికుంటే పైసా తిరిగి రాదంట. ఏది కట్టాలి?" అని అడిగాడు.

ప్రతి ఊళ్లోనూ ఇదే ప్రశ్న. ప్రతి ఊళ్లోనూ ఏజెంటు చెప్పే జవాబూ ఒక్కటే: "అది పోయే డబ్బు, ఇది తిరిగొచ్చే డబ్బు." ఈ ఒక్క మాట మీదే పొదుపు పాలసీలు అమ్ముడుపోతున్నాయి. ఆ మాటకు జవాబు ఆయన బాండులోనే ఉంది. ఆయన అనుమతితో ఆ అంకెలు ఇక్కడ పెడుతున్నాం. కంపెనీ పేరుతో మనకు పని లేదు. ఈ రకం పాలసీ ఎవరు అమ్మినా లెక్క నడిచే తీరు ఇదే.

ముందు తండ్రి బాండు. 2005లో ముప్ఫై ఏళ్ల వయసులో తీసుకున్నాడు. బీమా మొత్తం 2 లక్షలు, గడువు 20 ఏళ్లు, ఏడాది ప్రీమియం 10,000కు పదమూడు రూపాయలు తక్కువ. లెక్క తేలిక కోసం పదివేలే అనుకుందాం. ఇరవై కిస్తులూ తప్పకుండా కట్టాడు, అంటే 2 లక్షలు. గడువు తీరాక వచ్చినవి: బీమా మొత్తం 2,00,000, ఏటేటా జమ అయిన బోనస్ 1,64,000, చివరి అదనపు బోనస్ 10,000. మొత్తం 3,74,000.

రెండు లక్షలు కడితే మూడు లక్షల డెబ్బై నాలుగు వేలు. వినడానికి బాగుంది. కానీ రైతుకు వడ్డీ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. ఎవరైనా అప్పు తీసుకుంటే "ఎంత ఇచ్చావు" అని మాత్రమే అడుగుతామా? "ఎప్పుడిచ్చావు, నూటికి ఎంత" అని అడుగుతాం. ఇక్కడా అదే అడగాలి. మొదటి పదివేలు ఇరవై ఏళ్లు వాళ్ల దగ్గర ఉంది. రెండోది పంతొమ్మిదేళ్లు ఉంది. చివరి పదివేలు ఒక్క ఏడాదే ఉంది. ప్రతి కిస్తుకూ దాని కాలాన్ని బట్టి చక్రవడ్డీ కట్టి చూస్తే, మొత్తం 3,74,000 కావడానికి కావలసిన వడ్డీ ఏడాదికి 5.65 శాతం. మన భాషలో నూటికి నెలకు 47 పైసలు.

ఈ మాట చెప్పగానే ఆ రైతు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పాడు. ఆ ఇరవై ఏళ్లలో మూడుసార్లు పంట దెబ్బతిని ప్రీమియానికి డబ్బు లేక, పాలసీ ఆగిపోతుందన్న భయంతో రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడట. రెండు రూపాయలకు అప్పు తెచ్చి 47 పైసలకు దాచడం. ఇది ఆయన తెలివితక్కువతనం కాదు. ఆ 47 పైసల మాట ఇరవై ఏళ్లలో ఒక్కరూ ఆయనకు చెప్పలేదు.

"ఆ 47 పైసలతో పాటు బీమా కూడా ఉంది కదా" అని ఏజెంటు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆ బీమాకు ఎంత ధర పడిందో తేలుద్దాం.

ఇదే పదివేలు, ఇవే ఇరవై ఏళ్లు, పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతాలో వేసి ఉంటే ఎంతయ్యేది? పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లు పొడిగించుకోవచ్చు, కాబట్టి ఇరవైకి సరిపోతుంది. 2005 నుంచి 2025 దాకా దీని వడ్డీ 7.1 శాతం కంటే ఎప్పుడూ తగ్గలేదు. మొదటి ఆరేళ్లూ 8 శాతం ఉంది, ఒక ఏడాది 8.8 దాకా వెళ్లింది, 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గర ఉంది. మనం ఏజెంటు వైపు మొగ్గి ఇరవై ఏళ్లకూ అతి తక్కువ వడ్డీనే, 7.1నే పట్టుకుందాం. అప్పుడు కూడా చేతికి 4,43,900 వచ్చేది. బాండు ఇచ్చింది 3,74,000. తేడా దాదాపు 70 వేలు.

ఈ 70 వేలే ఆ 2 లక్షల బీమాకు ఆయన కట్టిన ధర. ఇరవై ఏళ్లకూ సమానంగా పంచి వడ్డీతో లెక్కిస్తే ఏడాదికి సుమారు 1,570 రూపాయలు. అసలు వడ్డీలు పట్టుకుంటే ఇంకా ఎక్కువే అవుతుంది. ఇప్పుడు దీన్ని పక్కన పెట్టి చూడండి: ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో అదే 2 లక్షల బీమాకు ఏడాదికి 436 రూపాయలు.

అంటే "తిరిగొచ్చే" పాలసీలో కూడా పోయే డబ్బు ఉంది. టర్మ్‌లో పోయేదానికంటే ఎక్కువే పోయింది. కాకపోతే దాన్ని విడిగా రాసి చూపించలేదు. మన పొదుపు మీద రావలసిన వడ్డీలోంచి కోసుకుని, మిగిలింది మన చేతిలో పెట్టి "చూశావా, నీ డబ్బు నీకు తిరిగొచ్చింది" అన్నారు. తిరిగొచ్చింది మన పొదుపే. బీమా సొమ్ము కాదు.

ఇక పోయే డబ్బు అన్న మాట. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి రాత్రి కాపలాకు మనిషిని పెడతాం. దొంగతనం జరగకపోతే "నీ కూలి తిరిగిచ్చెయ్" అని తెల్లారి అడుగుతామా? సరుకు భద్రంగా ఉందని సంతోషిస్తాం. టర్మ్ బీమా ఆ కాపలా కూలి లాంటిది. మనిషి బతికుండి ప్రీమియం పోవడమే మంచి ఫలితం.

ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 2018 ఆగస్టులో తెలంగాణలో రైతుబీమా మొదలైనప్పుడు రైతుకు 5 లక్షల బీమా కోసం ప్రభుత్వం ఎల్ఐసీకి మొదటి ఏడాది తలకు కట్టింది 2,271 రూపాయల చిల్లర. అది ఏ రకం బీమా? ఏడాదికేడాది కట్టే, బతికుంటే ఏమీ తిరిగిరాని టర్మ్ బీమానే. లక్షల మందికి బీమా కొనాల్సి వచ్చినప్పుడు సర్కారు పొదుపు పాలసీ కొనలేదు, టర్మ్ కొనింది. మనకు మాత్రం పొదుపు పాలసీ అమ్ముతున్నారు.

ఇప్పుడు కొడుకు సంగతి. వయసు 28. పెళ్లయింది, ఏడాది పాప ఉంది. ఏజెంటు రాసింది ఏడాదికి 25,000 ప్రీమియం, 5 లక్షల బీమా, 20 ఏళ్ల గడువు. తండ్రి బాండులో వచ్చిన లెక్కే కొడుక్కీ వస్తుందని అనుకుందాం. నిజానికి బోనస్‌కు గ్యారంటీ లేదు, ఏటా కంపెనీ ప్రకటించేదే. అయినా ఆ అనుమానాన్ని కూడా పక్కన పెట్టి లెక్కేస్తే ఇరవై ఏళ్లకు 9,35,000 వస్తుంది.

రెండో దారి: ఆ పాతిక వేలనే రెండుగా చీల్చడం. ఆ అబ్బాయికి 20 ఏళ్లకు 10 లక్షల టర్మ్ బీమాకు వచ్చిన ధర ఏడాదికి 4,000. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి దానిపైన ఇంకేమీ లేదు. మిగిలిన 21,000 ఏటా ఏప్రిల్ అయిదో తేదీలోపు పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పుడున్న 7.1 శాతం లెక్కన ఇరవై ఏళ్లకు 9,32,000. ఈ వడ్డీకి కూడా ఇరవై ఏళ్ల గ్యారంటీ లేదు, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. కానీ బోనస్ తగ్గనట్టు పట్టుకున్నప్పుడు ఈ వడ్డీనీ తగ్గనట్టు పట్టుకోవడం న్యాయమే.

చూశారా? బతికుంటే రెండు దారుల్లోనూ చేతికొచ్చేది దాదాపు సమానం. మూడు వేలు అటూ ఇటూ. మరి తేడా ఎక్కడ? మూడు చోట్ల ఉంది. మూడూ రైతు కుటుంబానికి ప్రాణం మీది విషయాలే.

మొదటిది, మనిషి పోయినప్పుడు. ఏడో ఏడాది ఏదైనా జరగరానిది జరిగిందనుకోండి. పొదుపు పాలసీలో వచ్చేది 5 లక్షల బీమా, అప్పటిదాకా చేరిన బోనస్ సుమారు 1,43,000. మొత్తం 6 లక్షల 43 వేలు. రెండో దారిలో 10 లక్షల బీమా, దానికితోడు పీపీఎఫ్‌లో ఉన్న 1,95,000. మొత్తం 11 లక్షల 95 వేలు. కట్టింది ఒకే మొత్తం. ఆ పిల్లకూ తల్లికీ తేడా అయిదున్నర లక్షలు. బీమా కట్టేదే ఈ రోజు కోసం. ఈ రోజున సగం సొమ్ము ఇచ్చే దాన్ని మంచి బీమా అని ఎలా అంటాం?

రెండోది, పంట పోయిన ఏడాది. నెల జీతం ఉన్నవాడికి ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటుంది. మనకు ఉండదు. నల్లతామర పురుగు తగిలిన ఏడాది, ధర పడిపోయిన ఏడాది పాతిక వేలు ఎక్కడినుంచి వస్తాయి? ఏడాది ప్రీమియానికి గడువు దాటాక ఇచ్చే వెసులుబాటు 30 రోజులు. అదీ దాటితే పాలసీ ఆగిపోతుంది, లేదా తగ్గించిన మొత్తంతో మిగులుతుంది. మూడేళ్లు కట్టి 75,000 అయ్యాక మానేస్తే హామీగా రావలసింది కట్టినదాంట్లో 35 శాతం, అంటే 26,250. 2024 అక్టోబరు నుంచి కొత్త పాలసీలకు నిబంధన కొంత మెరుగుపడింది. ఒక ఏడాది ప్రీమియం కట్టినా సరెండర్ విలువ ఇవ్వాలన్నారు. అది ఈ హామీ కంటే ఎక్కువ ఉండొచ్చు గానీ, తొలి ఏళ్లలో మానేస్తే కట్టినదంతా మాత్రం రాదు.

రెండో దారిలో అదే కష్టకాలంలో చేయాల్సింది ఏమిటి? టర్మ్‌కు నాలుగు వేలు కట్టాలి, అది తప్పదు. పీపీఎఫ్‌లో ఆ ఏడాదికి 500 వేస్తే చాలు, ఖాతా నిలుస్తుంది. అంటే 4,500తో బీమా అంతా భద్రం, పొదుపు పైసా పోదు. మంచి ధర వచ్చిన ఏడాది ఎక్కువ వేసుకోవచ్చు, లక్షన్నర దాకా. పొదుపును, బీమాను ఒకే తాడుకు కట్టేస్తే కరువు ఏడాది రెండూ కలిసి తెగుతాయి. విడిగా ఉంటే ఒకటి వదులు చేసి రెండోదాన్ని కాపాడుకోవచ్చు.

మూడోది, అప్పులవాళ్లు. పీపీఎఫ్‌లో ఉన్న సొమ్మును ఖాతాదారు అప్పుల కింద కోర్టు కూడా జప్తు చేయలేదు. టర్మ్ పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున తీసుకుంటే, ఆ సొమ్ము కూడా వాళ్లదే అవుతుంది, భర్త అప్పులవాళ్లకు హక్కుండదు. దీనికి పాలసీ తీసుకునే రోజునే ఒక చిన్న ఫారం నింపాలి. తర్వాత నింపుతామంటే కుదరదు. ఏ ఏజెంటైనా మనకు ఈ ఫారం గురించి చెప్పాడా?

చెప్పడు. ఎందుకో కూడా దాచనక్కరలేదు. కమీషన్ ప్రీమియం మీద వస్తుంది. పాతిక వేల ప్రీమియం మీద వచ్చేది వేరు, నాలుగు వేల మీద వచ్చేది వేరు. పీపీఎఫ్‌లో వేసిన ఇరవై ఒక్క వేల మీద ఆయనకు వచ్చేది సున్నా. ఏజెంటు మన ఊరివాడే, మన పెళ్లిళ్లకు వచ్చేవాడే. ఆయన మీద మనకు కోపం లేదు. కానీ ఆయన పొట్టకూటి లెక్కను మన పిల్లల లెక్కగా మనం పొరబడకూడదు. ఇక పంటరుణం రెన్యువల్ రోజున బ్యాంకు కౌంటర్లో "ఇది కూడా సంతకం పెట్టు" అని పాలసీ ఫారం జరపడం మాత్రం క్షమించరాని పని. పంటరుణానికి జీవిత పాలసీ తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు.

"రైతు చేతిలో డబ్బు నిలవదు, పాలసీ అయితే భయంతోనైనా కడతాడు" అనే వాదన ఒకటుంది. అందులో కొంత నిజముంది, కాదనం. కానీ పీపీఎఫ్ నుంచి కూడా ఇష్టం వచ్చినప్పుడు తీసుకోలేం. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి మాత్రమే కొంత వాడుకోవచ్చు, అదీ పరిమితితో. ఇనపపెట్టె కావాలంటే అది చాలు. భయంతో కట్టే పాలసీ మన మిరప రైతుతో ఏం చేయించిందో పైన చూశాం. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెప్పించింది.

ఒక నిజం మాత్రం ఏ దారికైనా వర్తిస్తుంది. 2005లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 570. ఆ రోజు 2 లక్షల బీమా అంటే 350 క్వింటాళ్ల వడ్లు. 2025–26 మద్దతు ధర 2,369. చేతికొచ్చిన 3,74,000 అంటే 158 క్వింటాళ్లు. అందుకే బీమా మొత్తం ఇవాళ్టికి పెద్దగా కనిపిస్తే సరిపోదు, పదేళ్ల తర్వాత కూడా ఆ ఇల్లు నిలబెట్టేంత ఉండాలి. తక్కువ ప్రీమియానికి అంత బీమా టర్మ్‌లో మాత్రమే దొరుకుతుంది.

ఇక ఏం చేయాలి? అన్నిటికంటే ముందు జీవనజ్యోతి. 18 నుంచి 50 ఏళ్ల లోపు, బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ పొదుపు ఖాతా ఉన్న ఎవరైనా చేరవచ్చు, 55 దాకా కొనసాగించవచ్చు. భూమి పాసుబుక్ అడగరు. రైతుబీమా పట్టాదారుకే కాబట్టి కౌలు రైతుకు ఇదే మొదటి ఆసరా. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక ఏడాది. మే ఆఖరున ఖాతాలో 436 ఉండేలా చూసుకోవాలి, లేకపోతే బీమా ఆగిపోతుంది. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప మరో కారణంతో మరణిస్తే సొమ్ము రాదు.

దాని పైన టర్మ్. ఆదాయ పత్రాలు, చదువు సర్టిఫికెట్లు లేవని కంపెనీలు రైతును తిప్పి పంపుతుంటాయి. అలాంటివాళ్ల కోసమే 2021 జనవరి నుంచి ప్రతి జీవిత బీమా కంపెనీ ఒకే నమూనాలో సరళ్ జీవన్ బీమా అమ్మాలని నియంత్రణ సంస్థ చెప్పింది. 5 నుంచి 25 లక్షల దాకా దొరుకుతుంది. నమూనా ఒకటే గానీ ధర కంపెనీకో రకం. కనీసం మూడు చోట్ల అడగండి. ఫారంలో బీడీ, చుట్ట, గుట్కా, మందు అలవాటు దాచకండి. నాలుగు వందలు ఎక్కువైనా పర్వాలేదు. దాచిన అబద్ధం క్లెయిము రోజున బయటపడితే నష్టపోయేది భార్యాపిల్లలే.

ఇప్పటికే పొదుపు పాలసీ కడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి రేపే మానేయకండి. పదిహేనేళ్లు కట్టినవాళ్లు చివరిదాకా కట్టడమే సాధారణంగా లాభం. నష్టం ముందే జరిగిపోయింది కాబట్టి. రెండు మూడేళ్లు మాత్రమే కట్టినవాళ్లు సరెండర్ విలువ, తగ్గించిన మొత్తంతో కొనసాగితే వచ్చే విలువ, ఈ రెండూ కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని లెక్క చూడాలి. ఏది చేసినా కొత్త టర్మ్ చేతికి వచ్చాకే పాతది వదలండి. బాండు చేతికొచ్చి 30 రోజులు దాటనివాళ్లు వద్దనుకుంటే రాసిచ్చి వెనక్కి ఇవ్వొచ్చు. చిన్న కోతలు పోను డబ్బు తిరిగిస్తారు.

ఏజెంటు మీ ఇంటికొచ్చినప్పుడు ఒక్క కాగితం అడగండి: ప్రయోజనాల పట్టిక. అందులో 4 శాతం, 8 శాతం అని రెండు వరసలుంటాయి. అవి కంపెనీ పెట్టుబడి మీద సంపాదిస్తుందని ఊహించిన అంకెలు, మనకు వచ్చే వడ్డీ కాదు. ఆయన వేలు 8 మీద పెడతాడు. మీరు 4 వరస చదవమనండి. ఆ తర్వాత "నూటికి నెలకు ఎన్ని పైసలు పడుతుంది" అని అడగండి.

మన డిమాండు కూడా అదే. ప్రతి పొదుపు పాలసీ ఫారం మొదటి పేజీలో తెలుగులో మూడు అంకెలు రాయాలి: బీమాకు పోయేది ఎంత, పొదుపు మీద పడే వడ్డీ ఎంత, మూడో ఏడాది మానేస్తే చేతికొచ్చేది ఎంత. ఎరువు బస్తా మీద నత్రజని ఎంతో, భాస్వరం ఎంతో, పొటాష్ ఎంతో అచ్చువేయాలని చట్టం ఉంది. ఇరవై ఏళ్ల చెమటను పోసే పాలసీ మీద మాత్రం లోపలేముందో రాయనక్కరలేదా?

ఆ మిరప రైతు ఏజెంటు ఫారం తిరిగిచ్చేశాడు. కొడుకు టర్మ్ తీసుకున్నాడు, పోస్టాఫీసులో ఖాతా తెరిచాడు. మీ ఇంట్లో ఉన్న బాండు కూడా సంఘం ఆఫీసుకు తీసుకురండి. ఎంత కట్టారు, ఎన్నేళ్లు, ఎంత వస్తుంది, ఈ మూడు అంకెలు చాలు. పైసల లెక్క అక్కడే కూర్చుని తేలుద్దాం.